రాత్రి 11:20కి బెంగళూరులో దిగుతున్నాను, ఫ్లాట్ ఓనరు ఫోన్ ఎత్తడం లేదు

ప్రశ్న: వచ్చే శుక్రవారం వైజాగ్ నుంచి బెంగళూరు వెళ్తున్నాను, ఒక్కదాన్నే. ఫ్లైట్ రాత్రి 11:20కి దిగుతుంది. మారతహళ్లి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్ మూడు రాత్రులకు యాప్‌లో బుక్ చేసి డబ్బు కూడా కట్టేశాను. ఓనరు మొదట "రండి, ఇబ్బందేం లేదు" అన్నారు. రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు, మెసేజ్ చూడడం లేదు. ఆ ఊరు నాకు అస్సలు తెలీదు. అర్ధరాత్రి వెళ్లాక తలుపు తీసేవాళ్లు లేకపోతే ఏం చేయాలి?

సమాధానం:

నేను బెంగళూరులో ఒక కంపెనీ ట్రావెల్ డెస్క్‌లో పనిచేస్తానండి. బయటి ఊళ్ల నుంచి రాత్రిపూట దిగే మా స్టాఫ్‌కు బస చూడడం, ఏదైనా తేడా వస్తే ఆ వేళలో ఫోన్ ఎత్తి దారి చూపించడం నా పని. అందుకే ముందు ఒక్క మాట గట్టిగా చెప్తాను. తాళం ఎవరి దగ్గర ఉందో ఆ మనిషితో మాట్లాడకుండా ఎయిర్‌పోర్టు టెర్మినల్ లోపలి నుంచి బయటికి రాకండి.

బ్యాగులు వచ్చే బెల్టుల దగ్గర వెలుతురు ఉంటుంది, టాయిలెట్లు ఉంటాయి, కూర్చోడానికి చోటు, ఫోన్ ఛార్జింగ్, సెక్యూరిటీ సిబ్బంది అందరూ ఉంటారు. ఒక్కసారి అరైవల్స్ గేటు దాటితే మళ్లీ లోపలికి పంపరు. మన దేశంలో ఏ ఎయిర్‌పోర్టులోనైనా అంతే. దిగిన వాళ్లంతా హడావుడిగా బయటికి వెళ్లిపోయి, క్యాబ్ పిలిచి, కారు కదిలాక ఓనరుకు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ కలవకపోతే అప్పటికే మీరు హైవే మీద ఉంటారు, చేతిలో ఉన్న దారులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోతుంటాయి. ఎయిర్‌పోర్టు దేవనహళ్లి వైపు ఉంది. అక్కడి నుంచి మారతహళ్లి దాదాపు 40 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లి మూసిన గేటు ముందు నిలబడి ఆలోచించే బదులు, బెల్టు దగ్గర ఇరవై నిమిషాలు కూర్చుని తేల్చుకోవడం చాలా మేలు.

అయితే మీకు ఇంకా రోజులు ఉన్నాయి కాబట్టి అక్కడి దాకా రాకుండానే చాలావరకు సర్దుకోవచ్చు. ఈ రోజే ఓనరుకు యాప్ లోపలే ఒక మెసేజ్ పెట్టండి. వాట్సాప్‌లో పెట్టినా యాప్‌లో మళ్లీ పెట్టండి. రేపు ఏదైనా గొడవ వస్తే కస్టమర్ కేర్ వాళ్లకు కనిపించేది యాప్‌లో రాసింది మాత్రమే. మెసేజ్‌లో "ఎన్నింటికి రావచ్చు" అని అడగకండి, "ఎప్పుడైనా రండి" అనే జవాబే వస్తుంది. ఇలా రాయండి: "శుక్రవారం రాత్రి ఒంటిగంట ప్రాంతంలో గేటు దగ్గరికి వస్తాను. ఆ టైములో తాళం ఇచ్చేది ఎవరు? వాళ్ల పేరు, నంబరు ఇవ్వండి. బ్లాకు, ఫ్లాట్ నంబరు, ఏ గేటుకు రావాలో చెప్పండి. మీ సొసైటీ సెక్యూరిటీకి నా పేరు ముందే చెప్పి, విజిటర్ కోడ్ పంపండి." ఈ మూడింటికీ సూటిగా జవాబు వస్తే ఆ ఓనరును నమ్మొచ్చు. "వచ్చాక చూసుకుందాం" అంటే మాత్రం తాళం విషయం వాళ్లకే ఇంకా తెలీదన్నమాట.

విజిటర్ కోడ్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, బెంగళూరులో రాత్రిపూట ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. పెద్ద అపార్ట్‌మెంట్లలో చాలావరకు మైగేట్ లాంటి యాప్ వాడతారు. మీరు గేటు దగ్గరికి వెళ్లి ఫ్లాట్ నంబరు చెప్పగానే గార్డు తన ఫోన్‌లో కొడతాడు, ఫ్లాట్ వాళ్ల ఫోన్‌కు నోటిఫికేషన్ వెళ్తుంది, వాళ్లు ఒప్పుకుంటేనే గేటు తీస్తాడు. ఓనరు నిద్రపోతే ఒప్పుకునేవాళ్లు ఉండరు. మీరు బుకింగ్ చూపించినా, ఆధార్ చూపించినా గార్డుకు అధికారం లేదు, అతని మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. అదే ఓనరు ముందే మిమ్మల్ని అతిథిగా చేర్చి ఉంటే మీ ఫోన్‌కు అంకెల కోడ్ వస్తుంది. అది చెప్తే ఓనరు నిద్రలో ఉన్నా గేటు దాటొచ్చు. లోపల ఫ్లాట్ తలుపుకు నంబర్ లాక్ ఉంటే దాని కోడ్ కూడా అడగండి. ఈ రెండు కోడ్‌లు చేతిలో ఉంటే ఇక ఓనరు ఫోన్ ఎత్తినా ఎత్తకపోయినా మీ ప్రయాణం ఆగదు.

ఇంకొకటి. "గార్డు అడిగితే మా బంధువునని చెప్పండి" అని ఓనరు అన్నారంటే, ఆ సొసైటీలో రోజుల లెక్కన ఫ్లాట్లు అద్దెకివ్వడానికి ఒప్పుకోరని అర్థం. పగలైతే అది వాళ్ల గొడవ. అర్ధరాత్రి ఒంటరిగా వెళ్లే మీకు ఆ బస వద్దు.

బుధవారం రాత్రికల్లా జవాబు రాకపోతే గురువారం పొద్దున్నే యాప్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. "హోస్ట్ అందుబాటులో లేరు, నేను అర్ధరాత్రి చేరుకుంటాను, మీరు వాళ్లను సంప్రదించి చెప్పండి" అనండి. వాళ్ల దగ్గర ఓనరువి వేరే నంబర్లు ఉండొచ్చు, వాళ్లు కూడా ప్రయత్నిస్తారు. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాల్సిన విషయం, బుకింగ్‌ను మీ అంతట మీరు క్యాన్సిల్ నొక్కకండి. మీరు నొక్కితే అది మీరు మనసు మార్చుకున్నట్టు లెక్క, ఓనరు పెట్టుకున్న క్యాన్సిలేషన్ నిబంధన ప్రకారం డబ్బు పోవచ్చు. ఓనరు అందుబాటులో లేరని, లోపలికి వెళ్లలేకపోయారని కస్టమర్ కేర్ తేల్చి వాళ్లే రద్దు చేస్తే అది ఓనరు వైపు తప్పు కింద వస్తుంది. ఉదాహరణకు ఎయిర్‌బీఎన్‌బీలో ఇలాంటి సమస్య తెలిసిన 72 గంటల్లోపు వాళ్లకు చెప్పాలి, రుజువులు ఉండాలి. ఓనరే తర్వాత ఫోన్ చేసి "మీరే క్యాన్సిల్ చేసేయండి, డబ్బు నేను వేస్తాను" అన్నా సరే, నొక్కకండి.

గురువారం సాయంత్రానికి కూడా తేలకపోతే నా సలహా, మొదటి రాత్రికి ఒక హోటల్ తీసేసుకోండి. ఒక రాత్రి ఖర్చు అదనంగా పడుతుందేమో గానీ శుక్రవారం విమానంలో నిశ్చింతగా కూర్చుంటారు. హోటల్‌ను యాప్‌లో చూసినా, బుక్ చేసే ముందు ఆ హోటల్‌కే ఫోన్ చేసి అడగండి: రాత్రి ఒంటిగంటకు రిసెప్షన్‌లో మనిషి ఉంటారా? షట్టర్ వేస్తారా? ఒక్క ఆడమనిషికి రూమ్ ఇస్తారా? యాప్‌లో 24 గంటల రిసెప్షన్ అని రాసి ఉన్నా చిన్న లాడ్జీల్లో రాత్రి గ్రిల్ వేసి నిద్రపోతారు. ఫోన్‌లో మాట్లాడిన వ్యక్తి పేరు రాసుకుని, "పలానా టైముకు వస్తాను, రూమ్ వేరేవాళ్లకు ఇవ్వకండి" అని చెప్పండి. అర్ధరాత్రి దాటినా రాకపోతే నో-షో కింద రాసేసి రూమ్ ఇంకొకరికి ఇచ్చేసే హోటళ్లు ఉన్నాయి. చోటు విషయానికొస్తే, ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో మెయిన్ రోడ్డు మీద ఉన్నదే చూసుకోండి. రాత్రి పది నిమిషాల ప్రయాణం, పొద్దున వెలుతురులో మారతహళ్లి ప్రయాణం.

తేదీ దగ్గర చాలామంది పొరబడతారు. పోయినేడాది మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక కర్నూలు అబ్బాయి విషయంలో ఏం జరిగిందో చెప్తే మీకు బాగా తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చే ఫ్లైట్ లేటై, దిగేసరికి పన్నెండు దాటింది. ఫ్లాట్ ఓనరు సాయంత్రం ఆరింటికి "ఓకే" అని మెసేజ్ పెట్టాడు కాబట్టి నేరుగా క్యాబ్ ఎక్కేశాడు. వైట్‌ఫీల్డ్‌లో గేటు దగ్గర దిగి క్యాబ్ పంపించేశాడు. ఓనరు ఫోన్ రింగవుతోంది, ఎత్తేవాళ్లు లేరు. గార్డు కేబిన్ కిటికీలోంచి చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. రెండు సూట్‌కేసులతో ఫుట్‌పాత్ అంచున కూర్చుని, తొమ్మిది శాతం ఛార్జింగ్ మీద ఏదో యాప్‌లో హోటల్ బుక్ చేశాడు. మళ్లీ క్యాబ్ దొరికి అక్కడికి వెళ్తే రిసెప్షన్ అతను, "సార్, మీ బుకింగ్ ఈ రోజు తేదీది. చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండింటికి" అన్నాడు. అర్ధరాత్రి దాటింది కదా, యాప్ "ఈ రోజు" అని కొత్త తేదీ చూపించింది, అతను అదే నొక్కాడు. అతనికి కావాల్సింది గడిచిపోతున్న రాత్రి, అంటే నిన్నటి తేదీ రూమ్. ఆ టైములో నాకు ఫోన్ చేశాడు. రిసెప్షన్ అతనితో నేను మాట్లాడి, ఆ రాత్రికి కౌంటర్ రేటు విడిగా కట్టించి రూమ్ ఇప్పించేసరికి మూడు కావొచ్చింది.

మీ విషయంలో ఆ తేదీ శుక్రవారం. శనివారం తెల్లవారుజామున ఒంటిగంటకు చేరినా, బుకింగ్‌లో చెక్-ఇన్ శుక్రవారం, చెక్-అవుట్ శనివారం ఉండాలి. పన్నెండు దాటాక అప్పటికప్పుడు రూమ్ కావాల్సి వస్తే యాప్‌ను నమ్ముకోకండి. హోటల్‌కు ఫోన్ చేసి "ఇప్పుడు అరగంటలో వస్తాను, రూమ్ ఉందా, చెక్-అవుట్ ఎన్నింటికి" అని అడిగి, ఉందంటేనే బయల్దేరండి.

ఇక శుక్రవారం రాత్రి. దిగగానే ఫోన్ ఆన్ చేసి, బెల్టు దగ్గర కూర్చుని, ఓనరుకు రెండుసార్లు, తాళం ఇచ్చే మనిషికి రెండుసార్లు ఫోన్ చేయండి. యాప్‌లో "దిగాను, గంటలో గేటు దగ్గర ఉంటాను, జవాబు ఇవ్వండి" అని మెసేజ్. పావుగంట ఆగండి. జవాబు రాకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్. ఇంకో పావుగంట. ఈ లోపు ఛార్జింగ్ పెట్టుకోండి, మంచినీళ్లు తాగండి. ఫోన్ కలిసి ఆ మనిషి "మెలకువగానే ఉన్నాను, రండి" అంటే, లేదా రెండు కోడ్‌లు ముందే మీ చేతిలో ఉంటే మారతహళ్లి. లేకపోతే హోటల్. "వెళ్తే ఎవరో ఒకరు ఉంటారులే" అనే మూడో దారి పెట్టుకోవద్దు.

బయటికి వచ్చాక "మేడమ్, ట్యాక్సీ" అంటూ వెంటపడేవాళ్లు ఉంటారు. వాళ్లతో మాట కలపకుండా ఎయిర్‌పోర్టు ట్యాక్సీ కౌంటర్‌కో, బోర్డులు చూపించే యాప్ క్యాబ్‌ల చోటుకో వెళ్లండి. కారు నంబరు ప్లేటు పసుపు రంగులో నల్ల అక్షరాలతో ఉండాలి, ఎలక్ట్రిక్ కారైతే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు కారు సొంత వాడకానిది, ఎంత మర్యాదగా పిలిచినా ఎక్కకండి. యాప్‌లో ఉన్న నంబరూ కారు నంబరూ సరిచూసుకున్నాకే ఓటీపీ చెప్పండి. లైవ్ లొకేషన్, కారు నంబరు ఇంట్లో మెలకువగా ఉండే ఒకరికి పంపండి, అందరికీ పంపితే ఎవరూ చూడరు. నగరం వైపు వచ్చే పెద్ద రోడ్డు మీద సాదహళ్లి టోల్ వస్తుంది, తర్వాత హెబ్బాళ. టోల్ తప్పించడానికి కొందరు డ్రైవర్లు బాగలూరు, హెణ్ణూరు వైపు లోపలి రోడ్డు పడతారు. దగ్గరే కావొచ్చు గానీ రాత్రి అక్కడక్కడా నిర్మానుష్యంగా ఉంటుంది. ఎక్కగానే "టోల్ నేను ఇస్తాను, హెబ్బాళ మీదుగా పోనివ్వండి" అని చెప్పేయండి. భాష గురించి టెన్షన్ పడకండి, ఇక్కడి డ్రైవర్లలో తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామంది.

డ్రైవరుతో మీ ఇబ్బంది చెప్పుకోకండి. "ఓనరు ఫోన్ ఎత్తట్లేదు, ఎక్కడికెళ్లాలో తెలీదు" అన్నారంటే, "నాకు తెలిసిన లాడ్జి ఉంది" అనే మాట వస్తుంది. అతను మంచివాడే అయినా ఆ లాడ్జి మీకు తెలీదు. దారి మారాల్సి వస్తే యాప్‌లో గమ్యం మీరే మార్చండి, నోటితో కాదు.

గేటు దగ్గరికి వెళ్లాక ట్రిప్ ముగించనివ్వకండి. "స్వల్ప వెయిట్ మాడి" అంటే కన్నడంలో కాస్త ఆగండి అని. వెయిటింగ్‌కు కొంచెం అదనంగా పడినా కారును గేటు తీసేదాకా ఉంచుకోండి. బ్యాగులు డిక్కీలోనే ఉండనివ్వండి, మీ హ్యాండ్‌బ్యాగు, ఫోన్ మాత్రం మీ దగ్గర. కారు నంబరు మీ ఇంటివాళ్ల దగ్గర ఉంటుంది కాబట్టి ఫరవాలేదు.

దారిలో ఉండగా ఓనరు నిద్రలోకి జారుకుంటే, గేటు దగ్గర గార్డును ఫ్లాట్‌కు ఇంటర్‌కమ్ చేయమని అడగండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్న వాళ్లు కూడా ఇంటర్‌కమ్ మోతకు లేస్తారు, వాళ్లు ఆ ఫ్లాట్‌లోనో పక్క ఫ్లాట్‌లోనో ఉంటే. రాత్రి డ్యూటీ సూపర్‌వైజర్ ఉంటే పిలవమనండి. వెలుతురు ఉన్న చోట, గార్డు కేబిన్ పక్కనే నిలబడండి. ఇరవై నిమిషాలు చూడండి, అంతకంటే వద్దు. ఆ ఇరవై నిమిషాల్లో గేటు, అపార్ట్‌మెంట్ పేరు పడేలా ఒక ఫొటో, మీ కాల్ లిస్టు స్క్రీన్‌షాట్, యాప్‌లో "గేటు దగ్గర ఉన్నాను, లోపలికి వెళ్లలేకపోతున్నాను" అని మెసేజ్. డబ్బు వెనక్కి రావడానికి రేపు ఇవే పనికొస్తాయి. తర్వాత అదే కారులో హోటల్‌కు.

ఈ టైములో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చి, "నేను ఓనరు మనిషిని, ఆ ఫ్లాట్‌లో నీళ్లు రావట్లేదు, పక్క వీధిలో ఇంకోటి ఉంది, తీసుకెళ్తాను" అంటే వెళ్లకండి. బుక్ చేసిన ఫ్లాట్ కాకుండా ఇంకోటి అంటగట్టడం ఇక్కడ కొత్త కాదు. పగలైతే చూసి, నచ్చితే ఉండొచ్చు, నచ్చకపోతే తిరిగి రావొచ్చు. అర్ధరాత్రి ఆ తిరిగి రావడం ఉండదు. పైగా వేరే చోటుకు మీరు ఒప్పుకుని వెళ్తే యాప్ బాధ్యత అక్కడితో తెగిపోతుంది. అదనపు అడ్వాన్స్ అని, తాళానికి డిపాజిట్ అని యూపీఐలో అడిగినా పంపకండి. "యాప్‌లో రాయండి" అనండి చాలు, నిజమైన వాళ్లయితే రాస్తారు.

ఎవరైనా వెంబడించినా, డ్రైవరు చెప్పిన దారిలో వెళ్లకపోయినా 112కు చేయండి. హొయ్సళ అని రాసి ఉన్న పోలీసు పెట్రోలింగ్ బండ్లు ఉంటాయి, దగ్గర్లో ఉన్నదాన్ని పంపిస్తారు. చిరునామా తెలీకపోయినా ఎదురుగా కనిపించే షాపు బోర్డు చదివి చెప్పండి.

హోటల్ రూమ్ కూడా ఎక్కడా దొరక్కపోతే, ఆ రాత్రికి ఎయిర్‌పోర్టే బస అనుకోండి. లోపల బెల్టుల దగ్గర ఉంటే అక్కడే, బయటికి వచ్చేసి ఉంటే టెర్మినల్ ముందు తెరిచి ఉన్న కాఫీ షాపుల్లో, సెక్యూరిటీ కనిపించే చోట. తెల్లవారాక ఎయిర్‌పోర్టు నుంచి నగరంలోకి తిరిగే వాయువజ్ర బస్సు ఎక్కండి. మారతహళ్లి మీదుగా ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లేది KIA-8, ముందు బోర్డు మీద అలాగే ఉంటుంది. ఎక్కేటప్పుడు కండక్టరును మారతహళ్లి అని అడిగి ఎక్కండి. కొంతమంది అర్ధరాత్రి నగరం మధ్యలో ఉన్న మెజెస్టిక్ బస్టాండుకు వెళ్లిపోదామనుకుంటారు. బస్సైతే ఉంటుంది గానీ బ్యాగులతో ఒంటరిగా అక్కడ తెల్లవార్లూ కూర్చోవడం కంటే ఎయిర్‌పోర్టు ఎంతో నయం.

ఇలాంటప్పుడు పొద్దున ఏడింటికో ఎనిమిదింటికో ఓనరు ఫోన్ తప్పకుండా వస్తుంది: "సారీ అండీ, ఫోన్ సైలెంట్‌లో ఉంది, ఇప్పుడు రండి." వెంటనే సరేనని వెళ్లిపోకండి. మీరు ఫ్లాట్‌లోకి అడుగు పెట్టాక రాత్రి గురించి అడిగే బలం తగ్గిపోతుంది. ముందు యాప్‌లో రాయించుకోండి, మొదటి రాత్రి డబ్బు వెనక్కి ఇస్తామని, వీలైతే హోటల్ ఖర్చు కూడా. హోటల్ ఖర్చు ఇస్తారన్న గ్యారంటీ లేదు, కానీ బిల్లు అప్‌లోడ్ చేసి అడిగితే కొన్నిసార్లు యాప్ వాళ్లే కొంత సర్దుతారు. ఓనరు ఒప్పుకుని, తాళం మనిషి నంబరు, రెండు కోడ్‌లు పంపితే మిగతా రెండు రాత్రులకు వెళ్లండి. డబ్బు మాట దాటవేస్తూ "ముందు రండి, తర్వాత చూద్దాం" అంటే, మూడు రాత్రులూ రద్దు చేయమని కస్టమర్ కేర్‌కు చెప్పి, ఆ హోటల్‌లోనే ఇంకో రెండు రాత్రులు ఉందో లేదో చెక్-అవుట్ టైముకు ముందే రిసెప్షన్‌లో అడగండి.